599కి అమ్మిన కుర్తీలో నిజంగా మిగిలేది ఎంత? కమిషన్ నుంచి రిటర్న్ దాకా పూర్తి లెక్క

ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్ల దగ్గర నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఒకటే. "అన్నా, ఆర్డర్లు బాగానే వస్తున్నాయి, రోజూ ప్యాక్ చేస్తూనే ఉన్నాం, కానీ నెలాఖరుకి అకౌంట్‌లో డబ్బులు కనబడట్లేదు. ఎక్కడ పోతున్నాయి?" ఈరోజు ఆ ఒక్క ప్రశ్నకే జవాబు వెతుకుదాం. ఒకే ఒక్క వస్తువు తీసుకుని, దాని మీద మొదటి రూపాయి నుంచి చివరి రూపాయి దాకా లెక్క వేద్దాం.

మన వస్తువు ఒక కాటన్ కుర్తీ. విజయవాడ వస్త్రలతలోనో, హైదరాబాద్ మదీనా దగ్గరో హోల్‌సేల్‌లో కొన్నారనుకోండి. రేటు 260 రూపాయలు, దాని మీద 5 శాతం జీఎస్టీ 13 రూపాయలు, మొత్తం 273. దాన్ని ఒక మార్కెట్‌ప్లేస్‌లో 599కి లిస్ట్ చేశారు. మీకు జీఎస్టీ నంబర్ ఉంది, రెగ్యులర్‌గా రిటర్న్‌లు ఫైల్ చేస్తున్నారు.

ఒక్క మాట ముందే చెప్తాను. నేను వాడబోయే కమిషన్, షిప్పింగ్ రేట్లు లెక్క అర్థం కావడానికి తీసుకున్నవి. ప్రతి ప్లాట్‌ఫామ్‌కీ, ప్రతి కేటగిరీకీ వేరే రేట్లు ఉంటాయి, అవి మారుతూ కూడా ఉంటాయి. మీ సెల్లర్ ప్యానెల్‌లో రేట్ కార్డ్ అని ఒక పేజీ ఉంటుంది. అందులో మీ కేటగిరీ అంకెలు తీసుకుని నా అంకెల ప్లేస్‌లో పెట్టుకోండి. పద్ధతి మాత్రం ఇదే.

ముందు, రిటర్న్ రాని ఒక్క ఆర్డర్

చాలామంది వేసే లెక్క ఏంటంటే, 599లోంచి 273 తీసేస్తే 326 లాభం. అందులోంచి కమిషన్ 15 శాతం, అంటే 90 రూపాయలు పోయినా ఇంకా 236 ఉంది కదా అనుకుంటారు. కమిషన్ ఒక్కటే కట్ అయితే ఇది కరెక్టే. కానీ అదొక్కటే కాదు.

మన ఉదాహరణలో ప్లాట్‌ఫామ్ నాలుగు రకాలుగా డబ్బు తీసుకుంటుంది. కమిషన్ 90. ప్రతి ఆర్డర్‌కీ ఒక ఫిక్స్‌డ్ ఫీజు ఉంటుంది, కొన్ని చోట్ల దాన్నే క్లోజింగ్ ఫీజు అంటారు, అది 20 అనుకుందాం. షిప్పింగ్ 65. కస్టమర్ దగ్గర డబ్బు వసూలు చేసినందుకు, అంటే పేమెంట్ గేట్‌వే అయినా క్యాష్ ఆన్ డెలివరీ అయినా, కలెక్షన్ ఫీజు 2 శాతం, అది 12. ఈ నాలుగూ కలిపితే 187.

ఇక్కడే చాలామందికి కనబడని ఐదోది ఉంది. ఈ ఫీజులన్నీ మీకు ఇచ్చిన సర్వీస్ కింద లెక్క. సర్వీస్ మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. 187 మీద 18 శాతం అంటే దాదాపు 34. రేట్ కార్డ్‌లో 15 శాతం అని కనబడితే, మీ చేతిలోంచి పోయేది 17.7 శాతం అన్నమాట.

ఇప్పుడు 599లోంచి 187, 34 తీసేయండి. 378 వస్తుంది. దాంట్లోంచి కుర్తీ ధర 273, కవరూ లేబులూ టేపూ కలిపి ప్యాకింగ్ 12 తీసేస్తే మిగిలేది 93 రూపాయలు.

```
599 - 187 - 34 - 273 - 12 = 93
```

326 అనుకున్నది 93 అయింది. ఇంకా రిటర్న్ సంగతి మనం ముట్టుకోనే లేదు.

మధ్యలో ఒక డౌట్ వస్తుంది మీకు. "599లో కస్టమర్ కట్టిన 5 శాతం జీఎస్టీ కూడా ఉంది కదా, అది గవర్నమెంట్‌కి కట్టాలి కదా?" కరెక్ట్. 599లో దాదాపు 28 రూపాయల 50 పైసలు జీఎస్టీయే. కానీ మీరు కుర్తీ కొన్నప్పుడు కట్టిన 13, ప్లాట్‌ఫామ్ ఫీజుల మీద కట్టిన 34, రెండూ మీకు ఇన్‌పుట్ క్రెడిట్‌గా వస్తాయి. మొత్తం 47 క్రెడిట్ ఉంది, కట్టాల్సింది 28.50. కాబట్టి క్రెడిట్‌తోనే సరిపోతుంది, జేబులోంచి విడిగా కట్టక్కర్లేదు.

మరి మిగిలిన 18 రూపాయల క్రెడిట్? అది మీ జీఎస్టీ లెడ్జర్‌లో కూర్చుంటుంది. కాగితం మీద అది మీదే. కానీ ఇలా కొనడం 5 శాతానికి, అమ్మడం 5 శాతానికి, ఫీజులు మాత్రం 18 శాతానికి ఉంటే, ఆ క్రెడిట్ ప్రతి నెలా పెరుగుతూ పోతుంది తప్ప బ్యాంక్ అకౌంట్‌కి రాదు. దాంతో కొత్త స్టాక్ కొనలేరు. అందుకే నేను దాన్ని లాభంలో కలపట్లేదు. చేతికి వచ్చే డబ్బు లెక్క మాత్రమే వేస్తున్నాను.

ఇంకో చిన్న కట్ కూడా కనబడుతుంది. టీసీఎస్ అని 0.5 శాతం, టీడీఎస్ అని 0.1 శాతం. 2024 జులై ముందు టీసీఎస్ 1 శాతం ఉండేది. టీడీఎస్ కూడా 2024 అక్టోబర్ ముందు దాకా 1 శాతమే. ఇప్పుడు ఈ రెండూ కలిపి మన కుర్తీ మీద మూడున్నర రూపాయల దగ్గర పడుతుంది. ఇవి ఫీజులు కాదు, మీ పేరు మీద ముందుగా కట్టిన ట్యాక్స్. టీసీఎస్‌ని జీఎస్టీ పోర్టల్‌లో యాక్సెప్ట్ చేస్తే మీ క్యాష్ లెడ్జర్‌లోకి వస్తుంది. టీడీఎస్ 26ఏఎస్‌లో కనబడుతుంది, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్‌లో సర్దుకోవచ్చు. కానీ మీరు క్లెయిమ్ చేయకుండా వదిలేస్తే మాత్రం అది నిజంగానే ఖర్చు అయిపోతుంది. వెయ్యి ఆర్డర్ల మీద అది 3500 రూపాయలు.

ఇప్పుడు వంద ఆర్డర్లు పంపిద్దాం

ఒక్క ఆర్డర్ మీద లాభం ఎంత అని అడిగితే 93 అని చెప్పొచ్చు. కానీ బట్టల్లో పంపిన ప్రతి ఆర్డర్ కస్టమర్ దగ్గర ఉండిపోదు. అందుకని లెక్క ఎప్పుడూ పంపిన వంద ఆర్డర్ల మీద వేయాలి, అమ్ముడైన ఒక్క ఆర్డర్ మీద కాదు. ఈ వీడియో మొత్తంలో మీరు ఒక్క మాటే గుర్తుపెట్టుకుంటే అది ఇదే.

వెనక్కి వచ్చేవి రెండు రకాలు. రెండిటికీ ఖర్చు వేరు, కారణం వేరు. కాబట్టి కలిపి చూడకూడదు.

మొదటిది ఆర్‌టీఓ. అంటే కస్టమర్ చేతికి చేరకుండానే వెనక్కి వచ్చేది. ఫోన్ ఎత్తలేదు, అడ్రస్ దొరకలేదు, క్యాష్ ఆన్ డెలివరీ పెట్టి తీరా వచ్చాక వద్దన్నారు. ప్యాకెట్ తెరవలేదు కాబట్టి కుర్తీ బాగానే ఉంటుంది. చాలా మార్కెట్‌ప్లేస్‌లలో దీనికి సెల్లర్ దగ్గర షిప్పింగ్ తీసుకోరు, కొన్ని చోట్ల తీసుకుంటారు. మీ రేట్ కార్డ్‌లో ఇది తప్పకుండా చూడాల్సిన లైన్. మన ఉదాహరణలో తీసుకోరు అనుకుందాం. అప్పుడు పోయేది ప్యాకింగ్ 12 రూపాయలు, ఇంకా ఆ కుర్తీ దారిలో తిరిగిన రోజులు.

రెండోది కస్టమర్ రిటర్న్. చేతికి అందింది, వేసుకుని చూశారు, సైజు సరిపోలేదు, రంగు ఫొటోలో ఉన్నట్టు లేదు, వెనక్కి పంపారు. అసలు దెబ్బ ఇక్కడ. కమిషన్, ఫిక్స్‌డ్ ఫీజు, కలెక్షన్ ఫీజు మీకు తిరిగి ఇచ్చేస్తారు. కానీ వెళ్లేటప్పటి షిప్పింగ్ 65 తిరిగి రాదు. వచ్చేటప్పటి షిప్పింగ్ ఇంకో 85 పడుతుంది. మొత్తం 150, దాని మీద 18 శాతం 27, అంటే 177. ప్యాకింగ్ 12 కలిపితే 189. అమ్మకం జరగలేదు, కానీ 189 రూపాయలు పోయాయి.

సరే, ఇప్పుడు వంద ఆర్డర్లలో 12 ఆర్‌టీఓ, 13 కస్టమర్ రిటర్న్, 75 కస్టమర్ దగ్గరే ఉండిపోయాయి అనుకుందాం. వెనక్కి వచ్చిన 13లో 3 కుర్తీలు మళ్లీ అమ్మడానికి పనికిరావు. ఒకదానికి మరక, ఒకటి ఉతికేశారు, ఒకదాంట్లో వేరే పాత బట్ట పెట్టి పంపారు. వీటిని ఎలాగోలా సగటున 100 రూపాయలకి వదిలించుకున్నా ఒక్కోదాని మీద 173 నష్టం. మిగతా 10కి ఇస్త్రీకీ మడతకీ పదేసి రూపాయలు.

లెక్క ఇలా వస్తుంది:

- నిలిచిన 75 ఆర్డర్లు, ఒక్కోటి 93 చొప్పున: 6975 లాభం
- 12 ఆర్‌టీఓలు, ఒక్కోటి 12 చొప్పున: 144 ఖర్చు
- 13 రిటర్న్‌లు, ఒక్కోటి 189 చొప్పున: 2457 ఖర్చు
- 10 కుర్తీల ఇస్త్రీ: 100 ఖర్చు
- పాడైన 3 కుర్తీలు, ఒక్కోటి 173 చొప్పున: 519 ఖర్చు

ఖర్చులన్నీ కలిపితే 3220. 6975లోంచి తీసేస్తే చేతికి వచ్చేది 3755. అంటే మీరు ప్యాక్ చేసి పంపిన ఒక్కో ఆర్డర్ మీద 37 రూపాయల 55 పైసలు. 326 అని మొదలుపెట్టాం, 93కి వచ్చాం, ఇప్పుడు 37 దగ్గర ఆగాం. ఇందులో మీ కరెంటు, ఇంటర్నెట్, మీ టైమ్ ఏదీ లేదు. ప్లాట్‌ఫామ్‌లో యాడ్స్ పెట్టి, వంద ఆర్డర్లకి 1500 ఖర్చు చేశారంటే ఆ 37 కూడా 22కి దిగుతుంది.

ఎన్ని రిటర్న్‌ల దగ్గర లాభం సున్నా అవుతుంది?

ఇప్పుడు దీన్ని తిప్పి చూద్దాం. ఒక్క కస్టమర్ రిటర్న్‌కి 189 అన్నాం. ఇస్త్రీ, పాడైన సరుకు కలిపిన 619 రూపాయల్ని 13 రిటర్న్‌లకి పంచితే ఇంకో 48 పడుతుంది. అంటే ఒక్క రిటర్న్ ఖరీదు సుమారు 237. ఒక్క నిలిచిన ఆర్డర్ ఇచ్చేది 93. అర్థమైంది కదా, ఒక్క రిటర్న్ వస్తే రెండున్నర మంచి ఆర్డర్ల లాభం తినేస్తుంది.

ఆర్‌టీఓలు అదే 12 దగ్గర ఉంచి, రిటర్న్‌లు మాత్రం పెంచుకుంటూ వెళ్దాం. వందకి 24 రిటర్న్‌లు వచ్చాయనుకోండి. నిలిచినవి 64, లాభం 5952. ఆర్‌టీఓలకి 144, రిటర్న్‌లకి 5688 పోగా మిగిలేది 120 రూపాయలు. వంద ప్యాకెట్లు కట్టినందుకు 120. ఇంకొక్క రిటర్న్ వచ్చి 25 అయితే 210 రూపాయలు నష్టం. కాబట్టి ఈ కుర్తీకి 24 అనేది గీత. అది దాటితే ఆర్డర్లు పెరిగిన కొద్దీ నష్టం పెరుగుతుంది.

ప్రతి వస్తువుకీ ఈ గీత వేరుగా ఉంటుంది. మీ దగ్గర పది డిజైన్లు ఉంటే పదిటికీ విడివిడిగా చూడాలి. అన్నీ కలిపి చూస్తే రిటర్న్ 15 శాతం అని కనబడొచ్చు. కానీ లోపలికి వెళ్తే ఎనిమిది డిజైన్లు 10 దగ్గర, రెండు డిజైన్లు 35 దగ్గర ఉండొచ్చు. ఆ రెండూ మిగతా ఎనిమిది సంపాదించింది తింటూ ఉంటాయి. చాలాసార్లు అవే ఎక్కువ ఆర్డర్లు వచ్చే డిజైన్లు కూడా అవుతాయి. ఫొటో బాగుంటుంది, అందుకే కొంటారు, వచ్చాక ఫొటోలా ఉండదు, అందుకే వెనక్కి పంపుతారు.

రిటర్న్ తగ్గితే ఎంత వస్తుందో కూడా ఇదే లెక్క చెప్తుంది. ఒక్క రిటర్న్ ఆగితే 237 ఖర్చు తప్పుతుంది, దానితో పాటు 93 లాభం వస్తుంది, మొత్తం 330. పదమూడు కాస్తా ఎనిమిది అయితే వంద ఆర్డర్లకి 1650 రూపాయలు అదనం. ప్యానెల్‌లో రిటర్న్ కారణం అని ఒక కాలమ్ ఉంటుంది, అది చూడండి. సైజు అని ఎక్కువగా ఉంటే సప్లయర్ ఇచ్చిన సైజ్ చార్ట్‌ని నమ్మకుండా, టేపు పెట్టి ఛాతీ, పొడవు, భుజం ఇంచుల్లో మీరే కొలిచి పెట్టండి. రంగు అని ఉంటే పగటి వెలుతురులో తీసిన ఒక ఫొటో యాడ్ చేయండి.

ఒక్క సెంటీమీటర్ ఖరీదు

షిప్పింగ్ 65 అన్నాం కదా. అది 500 గ్రాముల స్లాబ్‌కి. మన కుర్తీ బరువు 350 గ్రాములే, కాబట్టి సేఫ్ అనుకుంటాం. కానీ షిప్పింగ్ వాళ్లు రెండు బరువులు చూస్తారు. కాటా మీద వచ్చేది ఒకటి, ప్యాకెట్ సైజుని బట్టి వేసేది ఇంకోటి. ఈ రెండిట్లో ఏది ఎక్కువైతే దానికి చార్జ్ చేస్తారు. సైజు బరువుని వాల్యూమెట్రిక్ అంటారు. పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి, మామూలుగా 5000తో భాగిస్తారు.

```
30 x 25 x 4 / 5000 = 0.60 kg
30 x 24 x 3 / 5000 = 0.432 kg
```

మొదటి ప్యాకెట్ వదులుగా మడిచింది, 4 సెంటీమీటర్ల ఎత్తు. అది 600 గ్రాముల కింద లెక్క, అంటే తర్వాతి స్లాబ్. రెండోది గాలి తీసి గట్టిగా మడిచింది, 3 సెంటీమీటర్లు. అది 432 గ్రాములు, 500 లోపే. కుర్తీ అదే, కవర్ అదే.

స్లాబ్ మారితే షిప్పింగ్ 65 నుంచి 95 అయిందనుకోండి. 30 తేడా, జీఎస్టీతో 35 రూపాయల 40 పైసలు. ఇది నిలిచిన 75 ఆర్డర్లకీ, వెళ్లి వెనక్కి వచ్చిన 13కీ పడుతుంది. మొత్తం 88 ప్యాకెట్లకి 3115. మన లాభం 3755 కదా, అందులో 640 మాత్రమే మిగులుతుంది. వెనక్కి వచ్చే షిప్పింగ్ పెరిగే సంగతి ఇందులో కలపనేలేదు. లాభంలో చాలా భాగం ఆ ఒక్క సెంటీమీటర్ మందంలో పోయింది.

ఇది జరుగుతోందని ఎలా తెలుస్తుంది? సెటిల్‌మెంట్ రిపోర్ట్‌లో ఒకే కుర్తీకి కొన్ని ఆర్డర్లలో 65, కొన్నిట్లో 95 కనబడుతుంది. ఒకే జోన్‌కి వెళ్లినవి అయి ఉండి కూడా అలా ఉంటే, బరువు తేడాగా నమోదైందని అర్థం. ప్యాకెట్‌ని కాటా మీద పెట్టి ఒక ఫొటో, పక్కన స్కేలు పెట్టి మూడు వైపులా ఫొటోలు తీసి ఉంచుకోండి. లేబుల్ కూడా ఫొటోలో కనబడాలి. డిస్ప్యూట్ వేయడానికి గడువు ఉంటుంది, అది దాటితే ఎంత కరెక్ట్‌గా ఉన్నా డబ్బు రాదు.

సొంత పేజీలో అమ్మితే?

కొంతమంది అంటారు, "ఇంత కమిషన్ ఎందుకు బ్రో, ఇన్‌స్టాలో పేజీ పెట్టి పేమెంట్ లింక్ పంపితే సరిపోతుంది, గేట్‌వే ఫీజు రెండు శాతమే కదా" అని. గేట్‌వే ఫీజు వరకు నిజమే. 599 మీద 2 శాతం 12, దాని మీద జీఎస్టీ 2, మొత్తం 14 రూపాయలు. 90 కమిషన్‌తో పోలిస్తే చాలా తక్కువ.

కానీ అక్కడ రెండు విషయాలు మారతాయి. మొదటిది, కస్టమర్‌కి రిఫండ్ ఇస్తే మీరు 599 మొత్తం ఇస్తారు, గేట్‌వే తీసుకున్న 14 మామూలుగా మీకు తిరిగి రాదు. రెండోది పెద్దది. ఆర్‌టీఓ ఖర్చు ఇప్పుడు పూర్తిగా మీదే. కొరియర్ వాళ్లు వెళ్లేదానికీ తీసుకుంటారు, వచ్చేదానికీ తీసుకుంటారు. మార్కెట్‌ప్లేస్‌లో 12 రూపాయలు అయిన ఆర్‌టీఓ ఇక్కడ నూట యాభై దాకా వెళ్తుంది. అందుకే సొంత పేజీ పెట్టుకున్నవాళ్లు క్యాష్ ఆన్ డెలివరీకి ముందు యాభయ్యో వందో అడ్వాన్స్ అడుగుతారు. అడ్వాన్స్ కట్టినవాళ్లు డోర్ దగ్గర వద్దనడం తక్కువ. కమిషన్ పోయిన ప్లేస్‌లోకి కస్టమర్‌ని తెచ్చుకునే యాడ్ ఖర్చు కూడా వచ్చి కూర్చుంటుంది. లెక్క పద్ధతి మాత్రం అదే, వంద ఆర్డర్లు పంపి చూడటం.

రిపోర్ట్‌లో ఎక్కడ మోసపోతాం

ఇంత లెక్క తెలిసినా చాలామంది ప్రతి వారం బ్యాంక్‌లో పడిన డబ్బు చూసి లాభం అనుకుంటారు. దాంట్లో ఒక చిక్కు ఉంది. ఈ నెల 5న పంపిన ఆర్డర్ డబ్బు 15కి వచ్చిందనుకోండి. అదే ఆర్డర్ రిటర్న్ అయితే కట్ అయ్యేది 25కో, వచ్చే నెల మొదటి వారంలోనో. అంటే ఆర్డర్లు పెరుగుతున్న నెలలో లాభం ఎక్కువగా కనబడుతుంది, ఎందుకంటే వాటి రిటర్న్‌లు ఇంకా రాలేదు. ఆ డబ్బుతో కొత్త స్టాక్ కొంటారు. తర్వాత నెల ఆర్డర్లు తగ్గుతాయి, పాత రిటర్న్‌ల కోతలు వస్తాయి, సెటిల్‌మెంట్ ఒక్కసారిగా పడిపోతుంది. పండగ సేల్ తర్వాత నెలలో చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు.

కాబట్టి లెక్క డబ్బు వచ్చిన తేదీ ప్రకారం కాకుండా, ఆర్డర్ తేదీ ప్రకారం వేయాలి. ఫోన్‌లో గూగుల్ షీట్స్ చాలు. ప్యానెల్ నుంచి సెటిల్‌మెంట్ రిపోర్ట్ డౌన్‌లోడ్ చేసి ఒక షీట్‌లో పెట్టండి, దాని పేరు Settlement. A కాలమ్‌లో ఆర్డర్ నంబర్, B కాలమ్‌లో వచ్చిన లేదా కట్ అయిన మొత్తం. కట్ అయినవి మైనస్‌లో ఉండాలి. ఇంకో షీట్‌లో ఈ నెల మీరు పంపిన ఆర్డర్ నంబర్లన్నీ A కాలమ్‌లో పెట్టి, B2లో ఇది రాయండి:

```
=SUMIF(Settlement!A:A, A2, Settlement!B:B)
```

ఒకే ఆర్డర్‌కి మూడు వేర్వేరు వారాల్లో వచ్చిన లైన్లన్నీ ఇది ఒకచోట కలిపేస్తుంది. పక్కన C కాలమ్‌లో సరుకు ధర పెట్టండి. కుర్తీ మంచిగా వెనక్కి వస్తే సున్నా, నిలిస్తే 273, పాడైతే 173. D కాలమ్‌లో ప్యాకింగ్ 12, వెనక్కి వచ్చిన మంచి కుర్తీకి ఇస్త్రీ 10 కూడా ఇందులోనే కలపండి. అప్పుడు ఆ ఆర్డర్ అసలు లాభం ఇది:

```
=B2-C2-D2
```

దీన్ని కిందిదాకా లాగి మొత్తం కలపండి. షీట్‌లో ప్రతి ఆర్డర్‌కీ మూడున్నర రూపాయలు తక్కువ కనబడితే కంగారుపడకండి, అది టీసీఎస్, టీడీఎస్. నెల అయిపోయాక కనీసం ఇంకో నెల ఆగి, రిటర్న్‌లన్నీ వచ్చేశాక చూసిన నంబరే నిజమైన నంబర్. అంతవరకు బ్యాంక్‌లో ఉన్న డబ్బులో కొంత భాగం ఇంకా మీది కాదు అనుకోండి. మన కుర్తీ లెక్కలో ఒక్క రిటర్న్ కన్ఫర్మ్ అయితే, ముందు ఇచ్చిన 378 వెనక్కి తీసుకుని, పైన 177 కట్ చేస్తారు. అంటే 555.

సేల్ నోటిఫికేషన్ వచ్చినప్పుడు

చివరిగా, ఈ లెక్క మీకు నిజంగా పనికొచ్చే రోజు గురించి. ప్యానెల్‌లో నోటిఫికేషన్ వస్తుంది, సేల్‌లో పాల్గొనండి, 20 శాతం తగ్గించండి, ఆర్డర్లు మూడింతలు అవుతాయి అని. 599లో 20 శాతం అంటే 120 తగ్గించి 479 పెట్టాలి. ధర తగ్గితే కమిషన్, కలెక్షన్ ఫీజు కూడా తగ్గుతాయి, జీఎస్టీతో కలిపి 24 రూపాయలు. అంటే మీ మీద పడేది 96. నిలిచిన ఆర్డర్ మీద లాభం ఎంత? 93. అందులోంచి 96 పోతే మైనస్ 3.

అంటే ఒక్క రిటర్న్ కూడా రాకపోయినా ప్రతి ఆర్డర్ మీద 3 రూపాయలు మీరే ఇస్తున్నారు. వంద ఆర్డర్లకి వచ్చే ఆ 3220 ఖర్చు ఎలాగూ ఉంటుంది. మూడింతల ఆర్డర్లు వస్తే అది కూడా మూడింతలు. పాత స్టాక్ వదిలించుకోవాలి, లిస్టింగ్‌కి రేటింగ్‌లు రావాలి అనుకుని తెలిసే చేస్తే తప్పు లేదు. వంద ఆర్డర్లకి మూడున్నర వేల ఖర్చు అని తెలిసి చేయాలి. లాభం వస్తుందని చేయకూడదు.

ఇప్పుడు దీన్ని రివర్స్‌లో చూడండి. ధర 50 పెంచి 649 పెడితే, ఫీజులు 10 పెరుగుతాయి, 40 మీకు మిగులుతుంది. నిలిచిన ఆర్డర్ లాభం 133 అవుతుంది. వంద ఆర్డర్లకి 9975, ఖర్చు 3220 పోగా 6755. ధర పెరిగినందుకు ఆర్డర్లు తగ్గి వంద కాస్తా అరవై అయ్యాయనుకుందాం, రిటర్న్ శాతాలు అవే ఉన్నాయనుకుందాం. అప్పుడు కూడా 4053 వస్తుంది. ముందు వంద ప్యాకెట్లు కట్టి 3755 సంపాదించారు, ఇప్పుడు అరవై కట్టి 4053. నలభై ప్యాకెట్ల పని తగ్గింది, స్టాక్‌లో ఇరుక్కునే డబ్బు తగ్గింది.

మీ దగ్గర ఎక్కువ అమ్ముడయ్యే ఒక్క వస్తువు తీసుకుని, రెండు నెలల క్రితం పంపిన ఆర్డర్లతో ఈ షీట్ చేసి చూడండి. నిలిచిన ఆర్డర్ మీద ఎంత, ఒక్క రిటర్న్ ఖరీదు ఎంత, మీ గీత ఎక్కడుంది, ఈ మూడు నంబర్లు కామెంట్‌లో పెట్టండి. రేట్ కార్డ్‌లో ఏ లైన్ అర్థం కాకపోయినా అడగండి, నెక్స్ట్ వీడియోలో వాటినే తీసుకుందాం.